పాతదాని పక్కన కొత్త బ్యాటరీ

ఆ రోజుల్లో నేను ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయేవాణ్ణి. సింగపూర్‌లో చోవా చూ కాంగ్ అవతల ఫ్యాక్టరీల వాడలో లారీలు బాగుచేసే ఒక వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌గా ఉండేవాణ్ణి. చేతులు వైర్ల మీద ఉన్నా చూపు గోడ గడియారం మీదే ఉండేది. వారానికి మూడు సాయంత్రాలు క్లెమెంటిలో కంప్యూటర్ క్లాసుకు వెళ్లేవాణ్ణి. ఏడింటికి మొదలయ్యేది. ఆరింటికల్లా వర్క్‌షాపులోంచి బయటపడి, బస్సెక్కి, జురాంగ్ ఈస్ట్‌లో రైలు మారితేనే అందుకోగలిగేవాణ్ణి.

నాతో ఒంగోలులో డిప్లొమా చదివినవాళ్లలో సగం మంది అప్పటికే హైదరాబాద్ వెళ్లి ఏదో ఒక కోర్సులో చేరిపోయారు. ఫోన్ చేస్తే అందరి నోటా అదే మాట. నేను సింగపూర్‌లో ఉన్నానంటే కంప్యూటర్ ముందే కూర్చున్నానని మా ఊళ్లో చాలామంది అనుకునేవారు. కాదని చెప్పడానికి నాకూ నోరు వచ్చేది కాదు. క్లెమెంటి వెళ్లే రైల్లో మన తెలుగువాళ్లు ప్రాజెక్టుల గురించి మాట్లాడుకుంటూ నిలబడేవాళ్లు. వాళ్ల పక్కన నిలబడితే నా చేతులు వాటంతటవే ప్యాంటు జేబుల్లోకి పోయేవి. గోళ్ల కింద గ్రీజు ఎంత తోమినా వదిలేది కాదు.

మా వర్క్‌షాపు సూపర్‌వైజర్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి. పదిహేనేళ్లుగా సింగపూర్‌లో ఉంటూ, బిషాన్‌లో భార్యాపిల్లలతో కాపురం చేస్తున్నాడు. తెలుగు, దక్కనీ ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. నా చేతిలో కంప్యూటర్ పుస్తకం చూసి ఎప్పుడూ వద్దనలేదు. ఒకటి మాత్రం చెబుతుండేవాడు: పని చేసేటప్పుడు పని, చదివేటప్పుడు చదువు, రెండూ ఒకేసారి చేస్తే రెంటికీ కళ్లు పోతాయని.

ఆయన మేనకోడలి పెళ్లికి హైదరాబాద్ వెళ్లిన వారంలో ఆ లారీ వచ్చింది. బిషాన్‌లో ఫ్లాట్లు కడుతున్న ఒక కాంట్రాక్టరుది. పొద్దున్నే పనివాళ్లను డార్మిటరీ నుంచి సైటుకు చేర్చి, పగలంతా ఇనుము, సిమెంటు మోసేది. దాన్ని నడిపేది జగిత్యాల దగ్గరి మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. ఆరేళ్లు కట్టడాల మీద ఇనుము కట్టి, మూడోసారి పరీక్షలో లైసెన్సు తెచ్చుకుని డ్రైవరయ్యాడు. సీటు మీద ఎప్పుడూ ఉతికిన తువ్వాలు పరిచి కూర్చునేవాడు. నన్ను తమ్మీ అనేవాడు. నేను అన్నా అనేవాణ్ణి.

పొద్దున స్టార్టర్ మూలుగుతోందని చెప్పాడు. ఆ రకం లారీకి ఇరవై నాలుగు వోల్టులు కావాలి. అందుకని పన్నెండు వోల్టుల బ్యాటరీలు రెండు పక్కపక్కన పెట్టి, ఒకదాని ప్లస్‌ను రెండోదాని మైనస్‌కు పొట్టి కేబుల్‌తో కలుపుతారు. మిగిలిన రెండు కొసల మధ్య ఇరవై నాలుగు వోల్టులు వస్తాయి. మీటరు పెట్టి చూస్తే ముందు బ్యాటరీ పన్నెండున్నర పైనే ఉంది. వెనకది పదిన్నర. మూతలు తీసి ఒక్కో గదిలోని యాసిడ్‌ను గాజుగొట్టంలోకి పీల్చి చూశాను; చార్జి ఉన్న గదైతే గొట్టంలోని బెండు పైకి తేలుతుంది. వెనకదాంట్లో అయిదు గదుల్లో గొట్టంలోని బెండు చక్కగా తేలింది. ఆరో గదిలో అడుగుకు పోయింది. ఒక గది చచ్చిపోయింది, అంతే. దోషం దొరికింది.

రెండూ ఒకే రోజు బిగించినవి, మూడేళ్ల పాతవి. ఒకటి పోతే రెండోదీ మార్చాలని సూపర్‌వైజర్ నాకు ఎన్నోసార్లు చెప్పాడు. కానీ స్టోరులో ఆ సైజుది ఒక్కటే ఉంది. రెండోది మర్నాటికిగానీ రాదన్నారు. ఆ సాయంత్రం క్లాసులో నాకు పరీక్ష ఉంది. గడియారం అయిదు దాటింది. పొద్దున్నే లారీ కావాలని కాంట్రాక్టరు ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. ముందుది బాగానే ఉంది కదా అనుకున్నాను. చచ్చినదాన్ని తీసి దాని చోట కొత్తది బిగించాను. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. కాగితం మీద బ్యాటరీ మార్చినట్టు రాశాను. ఒకటా రెండా అనేది రాయలేదు. చేతులు కడుక్కుని పరుగెత్తాను. ఆ పరీక్ష బాగానే రాశాను కూడా.

నెలన్నర గడిచాక అదే లారీ మధ్యాహ్నం బిషాన్ సైటులో స్టార్టు కాలేదు. ఇంకో లారీ నుంచి కేబుళ్లు తగిలించి లేపి, మా దగ్గరకు తీసుకొచ్చారు. దారిలో ఇంజన్ నడిచింది కాబట్టి కాస్త చార్జి ఎక్కి ఉంటుంది. నేను రెండు కొసల మధ్య మీటరు పెట్టాను. ఇరవై అయిదు చూపింది. రెండు బ్యాటరీల మొత్తానికి అది మంచి లెక్కే. ఒక్కోదాన్నీ విడిగా చూడాలని తెలుసు. చూడలేదు. ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీలను చార్జి చేసే ఆల్టర్నేటర్ ఇరవై ఎనిమిది ఇస్తోంది, అదీ సరిగ్గానే ఉంది. మరి బ్యాటరీ ఎందుకు దిగిపోయింది? నా తలకు ఒకటే కారణం తట్టింది. కాగితం మీద ఇంగ్లీషులో రాశాను: బ్యాటరీలో లోపం లేదు, డ్రైవరు లైట్లు వేసి వదిలేసి ఉండవచ్చు. రాయడానికి అర నిమిషం పట్టింది. ఆ కాగితం నకలు కాంట్రాక్టరు ఆఫీసుకు వెళ్లింది.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున అది మళ్లీ ఆగిపోయింది. ఈసారి డార్మిటరీ ముందు, ఇరవై మంది పనివాళ్లు వెనక ఎక్కి కూర్చున్నాక. వాన పడుతోందట. అందరూ దిగి, తడుస్తూ, వేరే లారీ వచ్చేదాకా గంటన్నర నిలబడ్డారు. పైన కాంక్రీటు పోయాల్సిన రోజు అది. ఆఫీసులో ఎవరో నా పాత కాగితం బయటికి తీశారు. రెండోసారి కూడా లైట్లు వదిలేశాడని తేల్చేశారు.

నాకు ఇవేమీ తెలియవు. ఆదివారం పొద్దున నేనుండే ఫ్లాట్ల బ్లాకు కింద కాఫీ షాపులో పుస్తకం తెరిచి కూర్చున్నాను. కూర్చున్నానన్న మాటే గానీ ప్రతి రెండు పేజీలకూ లేచి తిరుగుతున్నాను. ఆ డ్రైవరన్న వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చేతుల మీద సిమెంటు పగుళ్లు కనిపించాయి. టీ చెప్పబోతే వద్దన్నాడు.

"తమ్మీ, కాయిదం నువ్వే రాసినవట."

"ఏ కాగితం అన్నా?"

"నేను లైట్లు బంద్ జెయ్యలేదని. లారీ తీసుకున్నరు నా దగ్గర్నుంచి. ఆరు దినాలైంది, చెక్కలకు మేకులు పీకుతున్న."

గొంతు పెంచలేదు. నేను ఉండవచ్చు అని మాత్రమే రాశానని నసిగాను. ఆ మాట నాకే నచ్చలేదు.

"నేను లారీ దిగినంక వెనక్కి తిరిగి చూస్త. దీపాలు జూసి, తలుపు గుంజి జూసి పోత. దినాం గట్లనే. నువ్వు చూసినవా తమ్మీ, నేను వదిలేసుడు?"

చూడలేదన్నాను. తల ఊపి లేచి వెళ్లిపోయాడు. నా ముందున్న పుస్తకంలో ఆ తర్వాత ఒక్క అక్షరం కనపడలేదు. బ్లాకు చుట్టూ నడిచాను. రైలెక్కి క్లెమెంటి వెళ్లాను, క్లాసు లేని రోజని తెలిసీ. దిగి, ప్లాట్‌ఫాం మీద అటూ ఇటూ తిరిగి, మళ్లీ తిరుగు రైలెక్కాను. నిజంగా లైట్లు వదిలేశాడేమో అని ఒక స్టేషనులో అనిపించేది. మరి కొత్త బ్యాటరీ ఉండి కూడా ఎందుకు దిగిపోయింది అని తర్వాతి స్టేషనులో. నా చెయ్యి చేసిన పనే నన్ను వెంటాడుతోందని ఇంటికి వచ్చేసరికి తేలిపోయింది. ఎలా అన్నది మాత్రం తేలలేదు.

సోమవారం లారీ మా షెడ్డులోనే ఉంది, శనివారం నేను వెళ్లిపోయాక తెచ్చి వదిలేశారు. సూపర్‌వైజర్ వచ్చి టిఫిన్ డబ్బా పెట్టకముందే ఆయన దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను. ఒక్క బ్యాటరీ మార్చిన సంగతి చెప్పినప్పుడు ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తిట్టలేదు. మీటరు తెమ్మన్నాడు.

"మొత్తం చూడకు. ఒక్కోటి వేరే వేరే చూడు. ఏం చూపిస్తుందో చెప్పు."

లారీ రెండు రోజులుగా కదల్లేదు కాబట్టి ఆ లెక్క నమ్మదగ్గదే. పాతది పన్నెండున్నర దాటి ఉంది. నేను బిగించిన కొత్తది పన్నెండూ పాయింట్ మూడు. నాకు ఒక్కసారి ప్రాణం లేచి వచ్చింది. కొత్తదే తక్కువ చూపిస్తోందంటే అది కంపెనీ నుంచే లోపంతో వచ్చింది. నా తప్పు కాదు, డ్రైవరు తప్పూ కాదు. ఆ మాటే అన్నాను.

"అంత జల్దీ ఏంది మియా? ఊరికే నిలబడ్డప్పుడు అందరూ పహిల్వాన్లే. బరువు ఎత్తమను, అప్పుడు చూద్దాం."

ఆయన క్యాబిన్‌లోకి ఎక్కి, ఇంజన్ అందుకోకుండా ఆపే తీగ లాగి పట్టుకుని తాళం తిప్పాడు. నేను కింద కొత్త బ్యాటరీ మీద మీటరు పెట్టాను. స్టార్టర్ మూలుగుతుంటే పన్నెండూ పాయింట్ మూడు నుంచి పదిన్నరకు దిగి అక్కడ నిలబడింది. ఒక నిమిషం ఆగాం. మీటరు పాతదాని మీదకు మార్చాను. మళ్లీ తిప్పాడు. ముల్లు పన్నెండున్నర నుంచి తొమ్మిదికి, ఏడుకు, ఆరుకు జారిపోయింది. స్టార్టర్ టక్కుమని ఆగింది. వదిలేయగానే ఏమీ జరగనట్టు మెల్లగా మళ్లీ పన్నెండు వైపు ఎక్కింది.

నేను బాగుందని వదిలేసినదే బలహీనమైనది.

తర్వాత ఇంకో లారీ నుంచి కేబుళ్లు తగిలించి ఇంజన్ లేపి, కేబుళ్లు తీసేసి పావుగంట నడవనిచ్చాం. రెండు కొసల మధ్య ఇరవై ఎనిమిది వోల్టులు. అంతకు ముందు నేను చూసి తృప్తిపడ్డ లెక్కే. ఒక్కోదాని మీద విడిగా పెడితే పాతదాని మీద పదిహేను దాటింది, కొత్తదాని మీద పదమూడు కూడా సరిగా లేదు. చెరి సగం పధ్నాలుగు ఉండాలి. దగ్గరకు వంగితే పాతది లోపల కుతకుత ఉడుకుతున్న చప్పుడు, ముక్కు మండే వాసన. ఇంజన్ ఆపేసి, గాలి ఆడేలా షెడ్డు తలుపులు బార్లా తెరిచి, కాసేపాగి మూతలు తీశాం. నీళ్లు పలకల కిందికి దిగిపోయి ఉన్నాయి. గొట్టంతో పీలిస్తే సగం కూడా రాలేదు. కొత్తదాంట్లో నీళ్లు నిండుగా ఉన్నాయి. కానీ ఆరు గదుల్లోనూ బెండు ఒకే ఎత్తున, ఉండాల్సినదానికంటే కిందే తేలింది. ఏ ఒక్క గదీ చావలేదు. ఆరూ సమానంగా ఆకలితో ఉన్నాయి.

ఆయన ఒక తిరగేసిన డబ్బా మీద కూర్చుని చెప్పాడు. రెండూ వరసలో ఉన్నాయి కాబట్టి ఒకదాంట్లోంచి పోయిన కరెంటే రెండోదాంట్లోంచీ పోవాలి, పక్కదారి లేదు. పాతది మూడేళ్లలో సగం అరిగిపోయింది. చిన్న గిన్నె అయిపోయింది. చార్జి చేసేటప్పుడు చిన్న గిన్నె ముందు నిండుతుంది, నిండగానే దాని వోల్టులు పైకి లేస్తాయి. ఆల్టర్నేటర్‌కు కనపడేది మొత్తం ఒక్కటే. ఇరవై ఎనిమిది రాగానే చాలనుకుని కరెంటు తగ్గించేస్తుంది. దాంతో పాతది పొంగి నీళ్లు పోగొట్టుకుంటుంది, కొత్తది నిండకుండానే మిగిలిపోతుంది. వాడేటప్పుడు మళ్లీ చిన్నదే ముందు ఖాళీ అవుతుంది, అక్కడితో లారీ ఆగిపోతుంది. రోజురోజుకూ పాతది ఇంకా చెడుతుంది, కొత్తది సగం ఆకలితో పాతదవుతుంది.

"అందుకే రెండూ ఒక్క కంపెనీవి, ఒక్క సైజువి, ఒక్క తేదీవి పెట్టాలె. నేను ఊరికే చెప్తానా?"

"తెలుసు సార్. తొందరపడ్డాను."

"లారీది సాయంత్రం వరకు అయిపోతది. నువ్వు రాసిన దానికి ఏం చేస్తవు?"

కొత్త కాగితం రాసి పంపుతానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. మొదటి కాగితం ఒక మనిషిని లారీ దింపింది, రెండో కాగితాన్ని ఎవరు చదువుతారని అడిగాడు. తాను ఫోన్ చేయగలనని, కానీ చేయనని అన్నాడు. నన్నే వెళ్లమన్నాడు.

ఆ రోజే క్లాసుంది. కోర్సు ముగింపు దగ్గర పడింది, తప్పితే ఆ సర్టిఫికెట్ చేతికి రావడం కష్టమని సారు ముందే హెచ్చరించాడు. ముందుగా కొత్త జత బ్యాటరీలు బిగించాను. లారీ చట్రం వైపు మైనస్ కేబుల్ ముందు విప్పి, చివర బిగించి, మధ్య కేబుల్ కొనలు గీకి శుభ్రం చేసి, ఒక్కోదాని లెక్కా కాగితం మీద రాశాను. మూడు తిప్పులకు మీటరు రెంటి మీదా ఒకేలా పదకొండు దగ్గర నిలిచింది. అప్పటికి నాలుగయింది. క్లెమెంటి ఒక దిక్కు, బిషాన్ ఇంకో దిక్కు. బస్టాపులో రెండు బస్సులు వదిలేశాను. మూడో బస్సెక్కి బిషాన్ వెళ్లాను.

సైటు ఆఫీసు ఒక ఇనుప డబ్బా గది. మేనేజరు చైనీయుడు, యాభై దాటినవాడు, నూడుల్స్ తింటూ విన్నాడు. నా ఇంగ్లీషు తడబడింది. చేతిలోని కాగితం బల్ల మీద పెట్టి, పాత బ్యాటరీ, కొత్త బ్యాటరీ అని రెండు గళ్లు గీసి చూపించాను. ఒకటే మార్చింది నేనని, లైట్ల మాట నేను చూడకుండా రాసిందని చెప్పాను. ఆయన కర్రపుల్లలు పక్కన పెట్టి, సింగపూర్ వాళ్ల అలవాటుగా మాట చివర లా తగిలించి అడిగాడు.

"అంటే మిస్టేక్ నీదే లా?"

"అవును, నాదే."

"డ్రైవర్ లైట్స్ ఆఫ్ చేశాడా?"

చేశాడో లేదో నేను చూడలేదని, కానీ లైట్లు ఆపినా ఆ జత ఆగిపోయేదేనని చెప్పాను. మా బాసుకు ఈ సంగతి తెలుసా అని అడిగాడు. సూపర్‌వైజరే పంపాడన్నాను. చాలాసేపు ఆ గళ్లను చూశాడు. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నేను ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మారుతూ నిలబడ్డాను. చివరికి ఆ లారీకి బదులుగా పెట్టిన కొత్త డ్రైవరు వారం చివరిదాకా ఉంటాడని, తర్వాత పాతవాడే నడుపుతాడని చెప్పి, ఇంకోసారి తెలియకపోతే తెలియదని రాయమన్నాడు.

బయటికొస్తే ఆ డ్రైవరన్న చెక్కల గుట్ట దగ్గర మేకులు పీకుతున్నాడు. వెళ్లి చెప్పాను. సుత్తి పట్టుకునే విన్నాడు. సంతోషపడతాడనుకున్నాను. ఇంకో మేకు పీకి పక్కన పడేశాడు.

"పొద్దుగాల వానల నిలబడ్డోళ్లు నన్నే తిట్టిన్రు తమ్మీ. మా పక్క మంచమోడు గుడ మాట్లాడుతలేడు. వాళ్లకు ఎవలు చెప్తరు?"

వాళ్లు ఎప్పుడు దొరుకుతారని అడిగాను. పని దిగే టైమయిందన్నాడు. నిలబడ్డాను. పనివాళ్లు గుంపులుగా వచ్చి లారీ కోసం గేటు దగ్గర చేరారు, మనవాళ్లు ఏడెనిమిది మంది, మిగతావాళ్లు తమిళులూ బంగ్లాదేశీయులూ. ఆ రోజు వానలో లారీ ఆగిపోయింది నేను చేసిన పని వల్ల అని తెలుగులో చెప్పాను. ఒకతను తమిళంలోకీ, వచ్చీరాని హిందీలోకీ మార్చి మిగతావాళ్లకు చెప్పాడు. శ్రీకాకుళం యాసలో ఒకాయన, మా జ్వరాలకు నువ్వొచ్చి గంజి పోస్తావేటి అన్నాడు. కొందరు నవ్వారు. ఒకరిద్దరు మొహం తిప్పుకున్నారు. అంతే. లారీ వచ్చింది, ఎక్కి వెళ్లిపోయారు.

ఆ క్లాసు తప్పింది. సర్టిఫికెట్ ఆ విడత రాలేదు. మళ్లీ చేరి ఆరు నెలల తర్వాత తెచ్చుకున్నాను, ఆ కాగితం చూపి రెండుచోట్ల ఇంటర్వ్యూలకూ వెళ్లాను. ఆ కథ వేరు. తీసేసిన ఆ కొత్త బ్యాటరీని మెల్లగా పూర్తి చార్జి ఎక్కించి, ఒక్క బ్యాటరీతో నడిచే మా వర్క్‌షాపు వ్యానుకు పెట్టాం. ఒంటరిగా చక్కగా పనిచేసింది. రెండోసారి దేనికీ జత చేయలేదు.

డ్రైవరన్న తర్వాతి వారం లారీతో వచ్చాడు. బ్రేకు లైటు పని మీద. సీటు మీద తువ్వాలు అలాగే పరిచి ఉంది. పని అయ్యాక వెళ్లకుండా అక్కడే నిలబడ్డాడు. మీటరు ఎట్ల పెడతరో చూపించమన్నాడు. బ్యాటరీ పెట్టె మూత తీసి, ఎరుపు ఇక్కడ, నలుపు ఇక్కడ అని చూపించాను. మొత్తం చూడొద్దు, ఒక్కోటి విడిగా చూడాలని, ఊరికే ఉన్నప్పుడు కాదు, ఎవరో ఒకరిని తాళం తిప్పమని అప్పుడు చూడాలని చెప్పాను. చెప్పింది చెప్పినట్టు తిరిగి నాకు అప్పజెప్పాడు. తనే మీటరు పట్టుకున్నాడు, నేను క్యాబిన్ ఎక్కి తాళం తిప్పాను. కింది నుంచి అంకెలు పలికాడు. మళ్లీ తిప్పమన్నాడు. ఇంకోసారి తిప్పమన్నాడు.

ఆ సాయంత్రం కూడా క్లాసుంది. నేను గడియారం చూశానని ఆయన గమనించాడు.

"నువ్వు పో తమ్మీ, టైమైతుంది. నేను మూత పెట్టుకుంట."

వెళ్లలేదు. మూత నేనే పెట్టి, బోల్టులు బిగించి, మరోసారి లాగి చూసి, అప్పుడు చేతులు కడుక్కున్నాను.